బ్యాంకులో పడిన మొత్తం అమ్మకాలతో ఎందుకు ట్యాలీ కాదు, రోజువారీ చెక్ దేన్ని దేంతో పోల్చాలి

ప్రశ్న: రోజూ రాత్రి ఒక స్క్రిప్ట్ నడుపుతున్నాం. ఆ రోజు లెడ్జర్‌లో ఉన్న అమ్మకాల మొత్తాన్ని, గేట్‌వే నుంచి బ్యాంకులో పడిన మొత్తంతో పోల్చి తేడా మెయిల్ చేస్తుంది. ఒక్క రోజు కూడా సరిపోవడం లేదు. మూడు శాతం వరకు తేడా వదిలేయమని మా వాళ్లు అంటున్నారు. అలా చేయొచ్చా? లేకపోతే ఎలా చేయాలి?

వదిలేయొద్దు. తేడా ఎంత వరకు ఓకే అన్నది తర్వాతి సంగతి, అసలు పోల్చకూడని రెండింటిని మీరు పోలుస్తున్నారు. ఇవాళ్టి అమ్మకాలూ ఇవాళ బ్యాంకులో పడిన డబ్బూ ఒకే లావాదేవీల గుంపు కానే కాదు. బ్యాంకులో పడింది రెండు మూడు రోజుల కిందటి పేమెంట్ల డబ్బు, అందులోంచి గేట్‌వే తన ఫీజు, ఫీజు మీద పన్ను, ఈ మధ్యలో మీరు ఇచ్చిన రీఫండ్లు కోసుకున్నాక మిగిలింది. అవి సరిపోతే ఆశ్చర్యపోవాలి గానీ సరిపోకపోతే కాదు.

చేయాల్సింది ఇది: లెడ్జర్‌లో గేట్‌వేకి ఒక క్లియరింగ్ ఖాతా తెరవండి, అంటే గేట్‌వే దగ్గర ఉండి ఇంకా మన బ్యాంకుకి రాని డబ్బుని చూపే ఖాతా. ప్రతి పేమెంటూ, ప్రతి రీఫండూ గేట్‌వే ఇచ్చిన ఐడీతో అందులోకి రావాలి, సెటిల్ అయినప్పుడు అదే ఐడీతో అందులోంచి పోవాలి. రోజూ అడగాల్సిన ప్రశ్న "ఎంత తేడా ఉంది" కాదు, "ఈ ఖాతాలో నిల్వ ఎంత, ఆ నిల్వ ఏయే లావాదేవీలది, వాటిలో ఇప్పటికే సెటిల్ అయిపోయి ఉండాల్సినవి ఏవి". ఈ మూడింటికీ జవాబు వస్తే చెక్ పనిచేస్తున్నట్టు.

అకౌంట్స్ వాళ్లకీ డెవలపర్లకీ మధ్య నిలబడి ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను, కాబట్టి ఒక సెటిల్‌మెంట్ తీసుకుని అంకెలతోనే చెప్తా.

మూడు పేమెంట్లు వచ్చాయనుకోండి: 1,200.00, 850.00, 2,400.00. మొత్తం 4,450.00. వచ్చిన రోజే లెడ్జర్‌లో క్లియరింగ్ ఖాతాకి డెబిట్, అమ్మకాలకి క్రెడిట్. బ్యాంకు ఊసు ఇక్కడ లేదు, డబ్బు ఇంకా రాలేదు కాబట్టి. మధ్యలో పాత ఆర్డర్ ఒకటి వెనక్కి వచ్చింది, 500.00 రీఫండ్ ఇచ్చారు: అమ్మకాల వాపసుకి డెబిట్, క్లియరింగ్‌కి క్రెడిట్. రెండు రోజుల తర్వాత గేట్‌వే సెటిల్‌మెంట్ రిపోర్ట్ వస్తుంది. ఫీజు రెండు శాతం అనుకుంటే 24.00, 17.00, 48.00, అంటే 89.00. ఫీజు మీద పన్ను పది శాతం అనుకుంటే 8.90. రీఫండ్ 500.00 కూడా కోశారు. బ్యాంకుకి పంపింది 3,852.10.

ఇప్పుడు పద్దు ఇలా పడుతుంది: బ్యాంకుకి 3,852.10 డెబిట్, గేట్‌వే ఫీజుల ఖర్చుకి 89.00 డెబిట్, ఫీజు మీద పన్నుకి 8.90 డెబిట్, క్లియరింగ్‌కి నికరంగా 3,950.00 క్రెడిట్. క్లియరింగ్ ఖాతా వైపు నుంచి చూస్తే 4,450.00 వచ్చింది, రీఫండ్ 500.00, సెటిల్‌మెంట్ 3,950.00 పోయాయి, నిల్వ సున్నా. ఇక్కడ ఎక్కడా అంచనా లేదు, శాతాల్లో వదిలేసింది లేదు.

ఆ 3,950.00ని ఒకే అంకెగా రాసేస్తే మాత్రం సగం పనే చేసినట్టు. జనరల్ లెడ్జర్‌లో ఒకే ఎంట్రీ ఉన్నా ఫర్వాలేదు, కానీ దాని కింద ఒక సబ్ లెడ్జర్ టేబుల్ ఉండి, అందులో ఒక్కో ఐడీకి ఒక్కో లైన్ ఉండాలి: మొదటి పేమెంట్‌కి మైనస్ 1,200.00, రెండోదానికి మైనస్ 850.00, మూడోదానికి మైనస్ 2,400.00, రీఫండ్ ఐడీకి ప్లస్ 500.00. అప్పుడు రోజువారీ చెక్‌కి గుండెకాయ లాంటి క్వెరీ ఇంత చిన్నదవుతుంది:

```sql
SELECT gateway_txn_id,
       SUM(amount_minor) AS balance,
       MIN(entry_date)   AS first_seen
FROM clearing_entries
GROUP BY gateway_txn_id
HAVING SUM(amount_minor) <> 0;
```

దీంట్లో వచ్చే వరసలే ఇంకా తేలని లావాదేవీలు. వీటి మొత్తం జనరల్ లెడ్జర్‌లోని క్లియరింగ్ నిల్వతో అణా పైసలతో సహా సరిపోవాలి. సరిపోకపోతే ఎవరో సబ్ లెడ్జర్‌ని పట్టించుకోకుండా చేత్తో జర్నల్ ఎంట్రీ వేశారన్నమాట, నా అనుభవంలో దాదాపు ఎప్పుడూ అదే. `amount_minor` అంటే దశాంశం లేకుండా పైసా లాంటి అతి చిన్న చిల్లర నాణెంలో లెక్కపెట్టిన పూర్ణాంకం, 1,200.00 అంటే 120000. ఫ్లోట్‌లో దాచితే `<> 0` అన్నచోట 0.0000001 లాంటివి కనపడి మీ ప్రాణం తీస్తాయి.

ఐడీతో పోల్చాలి, మొత్తంతో కాదు. అది కూడా ఆర్డర్ ఐడీతో కాదు, పేమెంట్ ఐడీతో. ఈ ఒక్క మాట నాకు బాగా తగిలాక గానీ అర్థం కాలేదు. నేను పనిచేసిన ఒకచోట చెక్ రోజూ గేట్‌వే రిపోర్ట్‌లోని ఆ రోజు పేమెంట్ల మొత్తాన్ని లెడ్జర్ మొత్తంతో పోల్చేది. ఒక రోజు తేడా సున్నా, ఆకుపచ్చ టిక్ పడింది, అందరం హాయిగా ఉన్నాం. మూడు వారాల తర్వాత 640.00కి ఒక చార్జ్‌బ్యాక్ వచ్చింది, అంటే కస్టమర్ తన బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగాడు. ఆ పేమెంట్ ఐడీ కోసం మా లెడ్జర్‌లో వెతికితే లేనే లేదు.

తవ్వితే తేలింది ఏంటంటే, కస్టమర్ ఒకసారి డబ్బు కట్టాడు, మా పేజీ టైమ్ అవుట్ అయింది, మా సిస్టమ్ దాన్ని ఫెయిల్ అని రాసుకుంది. పాపం అతను మళ్లీ కట్టాడు, అది సక్సెస్ అయింది. గేట్‌వే దగ్గర మాత్రం రెండూ సక్సెసే, ఎందుకంటే మొదటిది కొన్ని నిమిషాల తర్వాత బ్యాంకు నుంచి ఓకే అయి వచ్చింది. ఆర్డర్ ఒకటే, పేమెంట్లు రెండు, మేం రాసుకున్నది ఒకటి. మరి తేడా 640.00 కనపడాలి కదా? అదే రోజు అదే ధర ఉన్న ఇంకో ఆర్డర్‌కి గేట్‌వే వెబ్‌హుక్, అంటే పేమెంట్ అయిందని వాళ్ల సర్వర్ మా సర్వర్‌కి పంపే సందేశం, రెండుసార్లు వచ్చింది, మా సర్వర్ మొదటిసారి ఆలస్యంగా జవాబిచ్చింది కాబట్టి వాళ్లు మళ్లీ పంపారు, మా కోడ్ రెండుసార్లూ ఎంట్రీ వేసింది. గేట్‌వే వైపు మూడు 640లు, మా వైపు కూడా మూడు 640లు. ఒక తప్పు ఇంకో తప్పుని కడిగేసింది. ఐడీలతో పోల్చి ఉంటే మర్నాడు పొద్దున్నే రెండు లైన్లు కనపడేవి: ఒక ఐడీ గేట్‌వే దగ్గర ఉంది మన దగ్గర లేదు, ఇంకో ఐడీకి మన దగ్గర డబుల్ ఉంది.

వెబ్‌హుక్ రెండుసార్లు రావడం లోపం కాదు, అవి అలాగే పనిచేస్తాయి. ఒక్కోసారి అసలు రాకపోవచ్చు కూడా. అందుకే టేబుల్‌లో ఐడీ, ఎంట్రీ రకం కలిపి ఒక యునీక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి, రెండోసారి వేయబోతే డేటాబేసే ఆపేస్తుంది. పేమెంట్‌లో కొంత భాగమే సెటిల్ చేసి మిగతాది తర్వాత ఇచ్చే గేట్‌వే అయితే ఆ కన్‌స్ట్రెయింట్‌లో సెటిల్‌మెంట్ ఐడీని కూడా చేర్చాలి. రాత్రి జాబ్ మాత్రం వెబ్‌హుక్‌ల మీద ఆధారపడకుండా, గేట్‌వే ఏపీఐ నుంచి పేమెంట్ల జాబితా తనే తెచ్చుకోవాలి. ఆ జాబితా పేజీలుగా వస్తుంది, చివరి పేజీ దాకా చదివారో లేదో చూసుకోండి. వంద లావాదేవీలు దాటిన రోజుల్లోనే తేడా వస్తుంటే కారణం అదే అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

ఇక చెక్ నడిచే వరస. నేనైతే ఇలా పెడతా. ముందు నిన్నటి ఒక్క రోజుది కాకుండా గత ఏడు రోజుల పేమెంట్లు, రీఫండ్లు, సెటిల్‌మెంట్లు మళ్లీ తెచ్చుకుంటా, ఆలస్యంగా ఓకే అయినవీ స్టేటస్ మారినవీ అలాగే దొరుకుతాయి, యునీక్ కన్‌స్ట్రెయింట్ ఉంది కాబట్టి మళ్లీ తెస్తే నష్టం లేదు. తర్వాత ప్రతి సెటిల్‌మెంట్‌కి, లెడ్జర్ జోలికి వెళ్లకముందే, ఆ రిపోర్ట్ తనలో తాను సరిపోతోందా అని చూస్తా: లైన్లన్నీ కూడి, ఫీజు, పన్ను, రీఫండ్లు తీసేస్తే వాళ్లు చెప్పిన నికర మొత్తం రావాలి. రాకపోతే ఆ సెటిల్‌మెంట్‌ని పోస్ట్ చేయను. ఆ తర్వాతే క్లియరింగ్‌లో ఎంట్రీలు, ఆ తర్వాత బ్యాంకుతో పోలిక, చివరికి పైన ఇచ్చిన క్వెరీ.

రిపోర్ట్ తనలో తాను సరిపోతోందా అని చూడటం చాలామందికి చాదస్తంగా అనిపిస్తుంది, గేట్‌వే వాళ్లు కూడిక తప్పు చేస్తారా అని. వాళ్లు చేయరు, చదివే మన కోడ్ చేస్తుంది. ఇంకోచోట జరిగింది చెప్తా. 1,500.00 రీఫండ్ ఒకటి ఇచ్చాం, గేట్‌వే తర్వాతి సెటిల్‌మెంట్‌లో కోసుకుంది, క్లియరింగ్‌లో ఆ ఐడీ సున్నా అయింది, కథ ముగిసింది అనుకున్నాం. అయితే కస్టమర్ కార్డు ఖాతా అప్పటికే మూసేశాడు. అతని బ్యాంకు డబ్బు వెనక్కి కొట్టింది, గేట్‌వే దాన్ని పది రోజుల తర్వాతి సెటిల్‌మెంట్‌లో మాకే తిరిగి జమ చేసింది. ఆ లైన్ రకం `payment` కాదు, `refund` కాదు, `adjustment`. మా పార్సర్‌కి తెలిసినవి రెండే రకాలు, మూడోది కనపడితే చప్పుడు చేయకుండా దాటేసేది. బ్యాంకులో 1,500.00 ఎక్కువ పడింది. దాన్ని ఎవరైనా పట్టుకోవాలి కదా? పట్టుకోలేదు, ఎందుకంటే లైన్ల మొత్తానికీ బ్యాంకు మొత్తానికీ తేడా వస్తే "ఇతర తేడాలు" అనే ఖాతాకి ఆటోమేటిక్‌గా తోసేసే ఎంట్రీ ఒకటి అంతకుముందే ఎవరో పెట్టి ఉన్నారు. కస్టమర్ మాత్రం రెండు నెలలు మెయిల్స్ పెడుతూనే ఉన్నాడు, మా వాళ్లు "రీఫండ్ అయిపోయిందండీ, మా దగ్గర చూపిస్తోంది" అని జవాబిస్తూనే ఉన్నారు.

ఆ రోజు నుంచి నాకు రెండు పట్టుదలలు. ఒకటి, తెలియని లైన్ రకం వస్తే జాబ్ ఆగిపోవాలి, దాటేయకూడదు. రెండు, తేడాని ఏ ఖాతాకీ ఆటోమేటిక్‌గా తోయకూడదు. మీ వాళ్లు అడుగుతున్న మూడు శాతం కూడా పేరు మారిన ఇదే పని. ఫీజే రెండు శాతం పైన ఉన్నప్పుడు మూడు శాతం వదిలేస్తే, మామూలు రోజున అంతా సరిగ్గా ఉన్నట్టే కనపడుతుంది, ఫీజు ఎక్కువ కోసినా, ఒక రీఫండ్ రెండుసార్లు పోయినా కూడా సరిగ్గా ఉన్నట్టే కనపడుతుంది.

కొంచెం వదిలేయొచ్చు అని నేను ఒప్పుకునేది ఒక్కచోటే, ఫీజు సరిగ్గా వేశారా అని మీ ఒప్పందంలో ఉన్న రేటుతో లెక్కించి చూసుకునేటప్పుడు. అక్కడ రౌండింగ్ వల్ల చిల్లర తేడా వస్తుంది. ఉదాహరణకి 333.33 పేమెంట్లు మూడు ఉంటే ఒక్కోదానికి రెండు శాతం 6.6666, రౌండ్ చేస్తే 6.67, మూడూ కలిపి 20.01. మీరు మొత్తం 999.99 మీద ఒకేసారి లెక్కేస్తే 20.00. ఆ 0.01 ఎవరి తప్పూ కాదు. కాబట్టి లైన్‌కి ఒక చిల్లర నాణెం వరకు వదిలేయండి, కానీ లెడ్జర్‌లో పోస్ట్ చేసేది మాత్రం గేట్‌వే నిజంగా కోసిన అంకెనే, మీరు లెక్కేసింది కాదు.

తారీఖుల గురించి. గేట్‌వే రిపోర్ట్ యూటీసీలో వస్తూ మీ లెడ్జర్ స్థానిక టైమ్‌లో ఉంటే, అర్ధరాత్రికి అటూ ఇటూ పడే పేమెంట్లు ఒకచోట నిన్నటి లెక్కలో, ఇంకోచోట ఇవాళ్టి లెక్కలో పడతాయి. దీన్ని గుర్తుపట్టడం సులువు: నిన్న తక్కువ వచ్చిన అంకే ఇవాళ ఎక్కువ వస్తుంది, లేదా అటుది ఇటు. ఐడీలతో పోల్చేవాళ్లకి ఇది అంత ఇబ్బంది కాదు, ఎందుకంటే ఏ రోజుదన్నది పోలికలోకి రాదు. నెలాఖరున మాత్రం వస్తుంది, 31 రాత్రి పేమెంట్ ఏ నెల అమ్మకం అన్నది లెడ్జర్ టైమే నిర్ణయించాలి. అలాగే ఏపీఐలో తేదీ ఫిల్టర్ దేని మీద పనిచేస్తోందో చూసుకోండి, పేమెంట్ మొదలైన టైమ్ మీదా, డబ్బు క్యాప్చర్ అయిన టైమ్ మీదా, సెటిల్ అయిన టైమ్ మీదా అని. ఇవి మూడూ వేర్వేరు రోజులు కావచ్చు.

బ్యాంకు వైపు పోలిక తేలికే, సెటిల్‌మెంట్ రిపోర్ట్‌లో ఉన్న బ్యాంకు రెఫరెన్స్ నంబర్‌తో స్టేట్‌మెంట్ లైన్‌ని కలపాలి. కొన్ని బ్యాంకులు వివరణ కాలమ్‌ని మధ్యలో కత్తిరిస్తాయి, అప్పుడు మొత్తం, తేదీ చూసి కలపక తప్పదు, కానీ అదే మొత్తంతో రెండు లైన్లు ఉంటే ఆటోమేటిక్‌గా కలపకండి, మనిషికి వదిలేయండి. ఇంకోటి, అమ్మకాల కంటే రీఫండ్లు ఎక్కువైన రోజు సెటిల్‌మెంట్ మైనస్‌లో ఉంటుంది. చాలా గేట్‌వేలు ఆ మైనస్‌ని తర్వాతి సెటిల్‌మెంట్‌లో సర్దుకుంటాయి, బ్యాంకులో ఏమీ పడదు. మీ స్క్రిప్ట్ రాని డబ్బు కోసం రోజూ ఎదురుచూస్తూ ఎర్రర్ కొడుతుంది, దానికి ఒక దారి రాసిపెట్టండి. సెటిల్‌మెంట్ పంపడానికీ బ్యాంకులో పడటానికీ మధ్య ఒకరోజు పడుతుంటే నేరుగా బ్యాంకు ఖాతాకి డెబిట్ వేయకుండా, దారిలో ఉన్న డబ్బు అని ఇంకో ఖాతా పెట్టుకుంటే మంచిది. ఏ కారణంతోనో గేట్‌వే పంపిన డబ్బు తిరిగి వెళ్లిపోతే అక్కడే నిలిచిపోయి కనపడుతుంది.

మెయిల్‌లో ఏం పంపాలో కూడా చెప్తా, ఎందుకంటే సగం చెక్‌లు చచ్చిపోయేది ఇక్కడే. రోజూ 400 లైన్ల జాబితా వస్తే మూడో రోజు నుంచి ఎవరూ తెరవరు. క్వెరీలో వచ్చిన ప్రతి ఐడీకి వయసు ఉంటుంది, దాన్ని మీ గేట్‌వే సెటిల్‌మెంట్ గడువుతో పోల్చండి. రెండు పనిదినాల్లో సెటిల్ చేస్తామన్న గేట్‌వే అయితే మూడో పనిదినం లోపు ఉన్నవన్నీ మామూలుగా ఎదురుచూస్తున్నవే, వాటికి ఒక్క లైన్‌లో మొత్తం చాలు. మూడో పనిదినం దాటినవి మాత్రమే ఒక్కొక్కటిగా, ఐడీ, మొత్తం, వయసు, గేట్‌వే దగ్గర ఇప్పుడున్న స్టేటస్‌తో రావాలి. గేట్‌వే దగ్గర ఉండి మన దగ్గర లేని ఐడీకి మాత్రం వయసుతో పని లేదు, మొదటి రోజే ఎర్రగా రావాలి. బ్యాంకు సెలవుల క్యాలెండర్ కలపకపోతే ప్రతి వరస సెలవుల తర్వాతా అందరికీ ఉత్తుత్తి టెన్షన్.

ఆఖరుగా, మీరు ఇప్పుడు మొదలుపెడితే ఎదురయ్యే మొదటి చిక్కు పాత నిల్వ. ఇన్నాళ్లూ బ్యాంకు మొత్తాన్ని నేరుగా అమ్మకాలకో, బకాయిలకో రాసి ఉంటారు, అదంతా వెనక్కి వెళ్లి సరిచేయాలని చూడకండి. ఒక నెల మొదటి తేదీని కటాఫ్ అనుకోండి. ఆ రోజుకి గేట్‌వే దగ్గర సెటిల్ కాకుండా ఉన్న పేమెంట్లు, ఇంకా కోయని రీఫండ్ల జాబితా వాళ్ల డ్యాష్‌బోర్డ్ నుంచి తీసి, ఒక్కో ఐడీగా క్లియరింగ్ సబ్ లెడ్జర్‌లో ఓపెనింగ్ ఎంట్రీలుగా వేయండి. మీ పాత ఖాతాలో ఉన్న నిల్వకీ ఈ జాబితా మొత్తానికీ ఉన్న తేడాని పాత ఖాతాలోనే ఉంచేసి, ఇక కొత్త ఎంట్రీలేవీ పడకుండా ఆ ఖాతాని లాక్ చేయండి. దాన్ని ఎలా సర్దాలో అకౌంట్స్ హెడ్, ఆడిటర్ తేలుస్తారు, స్క్రిప్ట్ కాదు. మొదటి వారం మీ పాత స్క్రిప్ట్‌ని కూడా పక్కన నడవనివ్వండి. అది చూపించే తేడాని కొత్త చెక్‌లోని ఐడీల జాబితాతో మీ వాళ్ల ముందు విడదీసి చూపిస్తే, మూడు శాతం మాట మళ్లీ ఎవరూ ఎత్తరు.